హోల్‌సేలర్‌ని గడువు పెంచమని అడిగే ఉత్తరం: బతిమాలకుండా, నమ్మకం కలిగేలా

ప్రశ్న: జంగారెడ్డిగూడెంలో చీరలు, రెడీమేడ్ షాపు మాది. విజయవాడలో ఒక హోల్‌సేల్ షాపు నుంచి 6 ఏళ్ళుగా సరుకు తెస్తున్నాను, నెలకి 3 లక్షలు. గడువు 30 రోజులు. మిగతా చోట్ల ఇంకో 2 లక్షలు కొంటాను. షాపులో సరుకు కొన్న ధరకి 8 లక్షలు ఉంటుంది. అమ్మకాల్లో పావు వంతు ఉద్దర, వసూలవడానికి నెలా పది రోజులు పడుతుంది. పోయిన ఏడాది రెండు బిల్లులు ఆలస్యంగా కట్టాను, మిగతావి టైముకే కట్టాను. ఇప్పుడు 60 రోజులు అడుగుదామని ఈ ఉత్తరం రాశాను. చదివితే నాకే అడుక్కుంటున్నట్టు ఉంది. ధీమాగా మార్చి ఇవ్వగలరా సార్?

"గౌరవనీయులైన సేటు గారికి నమస్కరించి వ్రాయునది. ఈ మధ్య వ్యాపారం ఏమీ బాగోలేదు. జనం దగ్గర డబ్బుల్లేవు, ఆన్‌లైన్ వాళ్ళు దెబ్బ కొట్టారు. మీ బిల్లులు టైముకి కట్టడానికి చాలా టెన్షన్ పడుతున్నాను. దయచేసి పెద్ద మనసుతో నాకు 60 రోజులు గడువు ఇవ్వగలరు. మీరు కాదంటే నాకు వేరే దారి లేదు. మీ మేలు మర్చిపోను."

సమాధానం:

వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ షాపులకి చాలాకాలం ఖాతాలు చూశాను. ఇలాంటి ఉత్తరాలు అవతలి బల్ల దగ్గర కూర్చుని చదివినవాణ్ణి కాబట్టి, మీ ఉత్తరం అక్కడికి చేరాక ఏం జరుగుతుందో ముందు చెబుతాను. సేటు గారు చదివి పక్కనున్న గుమస్తాకి ఇస్తారు. ఆయన కంప్యూటర్లో మీ ఖాతా తెరిచి, ఏ బిల్లు ఎన్నాళ్ళుగా బాకీ ఉందో చూస్తాడు. "వ్యాపారం బాగోలేదు, టెన్షన్ పడుతున్నాను, వేరే దారి లేదు" అన్న మూడు మాటలూ చదివిన తర్వాత ఆ షాపులో తీసుకునే నిర్ణయం సాధారణంగా ఒకటే ఉంటుంది: ఈ పార్టీ దగ్గర పాత బాకీ ముందు రాబట్టండి, అప్పటిదాకా కొత్త సరుకు కొంచెం కొంచెంగా పంపండి. గడువు పెరగడం అటుంచి, ఉన్న 30 రోజులు కూడా బిగుసుకుంటాయి.

సేటు గారికి మీ మీద జాలి లేక కాదు. మునిగిపోతున్న పార్టీలు కూడా సరిగ్గా ఇవే మాటలు రాస్తాయి. మీ షాపు నిజానికి బాగానే నడుస్తోంది. 6 ఏళ్ళుగా నెలనెలా సరుకు తీసుకుంటూ, రెండు బిల్లులు తప్ప అన్నీ టైముకి కట్టినవాళ్ళు మంచి పార్టీ కిందే లెక్క. ఆ సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మార్చాల్సిన మొదటి విషయం అది. ధీమా గంభీరమైన మాటల్లోంచి రాదు, ఎదుటివాడు తన ఖాతాలో సరిచూసుకోగల అంకెల్లోంచి వస్తుంది.

రెండో విషయం ఆ 60. ఎందుకు 60 అని అడిగితే మీ దగ్గర జవాబు ఉందా? "30 చాలడం లేదు కాబట్టి రెట్టింపు" అని అనుకుని ఉంటారు. మీరిచ్చిన అంకెలతోనే లెక్క కడదాం.

మొత్తం కొనుగోళ్ళు నెలకి 5 లక్షలు, షాపులో సరుకు 8 లక్షలు. అంటే సరుకు సగటున 48 రోజులు బీరువాల్లో ఉంటోంది. పావు వంతు ఉద్దర 40 రోజులకి వసూలవుతోంది కాబట్టి మొత్తం అమ్మకం మీద అది సగటున 10 రోజుల ఆలస్యం. రెండూ కలిపితే 58 రోజులు. ఈ లెక్క చూసి 60 సరైనదే అనిపిస్తుంది. కానీ ఆ 8 లక్షల్లో పోయిన ఏడాది డిజైన్లు, సైజులు విరిగిన సెట్లు, రంగు వెలిసిన లాట్లు ఎంత ఉన్నాయో ఒకసారి దించి చూడండి. మన వైపు బట్టల షాపుల్లో ఐదో వంతు అలా పేరుకుపోవడం మామూలే. ప్రస్తుతానికి 1,60,000 అనుకుందాం. అది తీసేస్తే నిజంగా తిరిగే సరుకు 6,40,000, అంటే 38 రోజులు. దానికి ఉద్దర 10 రోజులు కలిపితే 48.

కదిలే సరుకు మీద మీ డబ్బు 48 రోజుల్లో చేతికొస్తోంది. కదలని సరుకు ఎన్ని రోజులు గడువిచ్చినా కదలదు. దాని భారం హోల్‌సేలర్ మోయాలని అడగడం న్యాయం కాదు, ఆయన మోయరు కూడా. ఆ లక్షా అరవై వేల సరుకుని ఆషాఢంలో సగం ధరకి అమ్మేసినా 80 వేలు చేతికొస్తాయి. మీరు అడగాల్సింది 45 రోజులు. 60 అడిగి 45 దగ్గర బేరం తెగనిద్దాం అనుకోకండి. 45కి మీ దగ్గర కారణం ఉంది, 60కి లేదు. ఆ తేడా చదివేవాడికి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే అభ్యర్థన ఆయన వైపు నుంచి చూడండి. నెలకి 3 లక్షల సరుకు, 30 రోజుల గడువు అంటే ఆయన డబ్బు ఎప్పుడూ 3 లక్షలు మీ దగ్గర ఉంటుంది. 60 రోజులు అంటే 6 లక్షలు. అదనంగా పెట్టాల్సిన 3 లక్షలకి బజారు వడ్డీ నూటికి రూపాయిన్నర వేస్తే నెలకి 4,500, ఏడాదికి 54,000. ఏడాదికి మీకు అమ్మే 36 లక్షల మీద ఆయనకి 5 శాతం మిగులుతుందనుకుంటే 1,80,000. అందులో మూడో వంతుకి దగ్గరగా వదులుకోమని మీరు ఒక్క వాక్యంలో అడిగారు, బదులుగా ఏమిస్తారో చెప్పలేదు. పైగా మీరు డబ్బు కట్టినా కట్టకపోయినా, ఈ నెల బిల్లుల మీద జీఎస్టీ ఆయన వచ్చే నెల 20లోగా కట్టుకోవాలి. గడువు పెంచడమంటే ఆయనకి అది కూడా చేతి డబ్బే.

అందుకే ఉత్తరంలో ఆయనకి లాభం కనిపించాలి. మీరు బయట కొనే 2 లక్షల్లో ఈయన దగ్గర కూడా దొరికే సరుకు, ఉదాహరణకి పిల్లల బట్టలు, నెలకి 50,000 మేరకు ఇటు మార్చగలరేమో చూడండి. మార్చగలిగితే కొనుగోలు 3,50,000 అవుతుంది. 45 రోజుల లెక్కన బాకీ 5,25,000 దాకా వెళ్తుంది. ఇప్పటికన్నా ఆయన అదనంగా పెట్టేది 2,25,000, దాని వడ్డీ ఏడాదికి 40,500. పెరిగిన 6 లక్షల అమ్మకం మీద ఆయనకి వచ్చేది 30,000. ఇక ఆయన నిజంగా వదులుకునేది పది వేల చిల్లర. 54,000 అడగడానికీ పది వేలు అడగడానికీ ఎంత తేడా ఉందో చూశారుగా. ఈ లెక్క ఉత్తరంలో రాయకండి, ఆయన మనసులో ఆయనే వేసుకుంటారు. మీరు మాత్రం వేసుకుని ఉండాలి. మార్చలేకపోతే ఆ వాక్యమే తీసేయండి. చేయలేని మాట ఒక్కటి ఉన్నా, మూడో నెలలో మొత్తం ఉత్తరమే అబద్ధమైపోతుంది.

రాసేముందు ఇంకో పని ఉంది, దీన్ని దాటేయకండి. వాళ్ళ షాపు నుంచి మీ ఖాతా కాపీ తెప్పించుకుని మీ పుస్తకంతో సరిచూసుకోండి. మన షాపుల వాళ్ళు చాలామంది చేతిలో ఉన్నప్పుడు 50 వేలు, 30 వేలు చొప్పున ఫోన్‌లో పంపేస్తారు, ఏ బిల్లుకో చెప్పరు. అక్కడ గుమస్తా దాన్ని ఏ బిల్లుకీ కలపకుండా ఊరికే ఖాతాలో జమ వేసి వదిలేస్తాడు. డబ్బు చేరినా పాత బిల్లు మాత్రం 70 రోజులుగా కట్టనట్టే తెర మీద కనిపిస్తుంది. రిటర్న్ పంపిన సరుకు తాలూకు క్రెడిట్ నోటు రాయకపోయినా అంతే. మంచి పార్టీలు కూడా చెడ్డగా కనబడడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఖాతా శుభ్రం చేయించుకున్నాక రాస్తే, మీరు రాసే ప్రతి అంకె ఆయన తెర మీద అంకెతో కలుస్తుంది.

ఇక ఉత్తరం. ఖాళీల్లో మీ వివరాలు పెట్టుకోండి. 24 బిల్లులు, ఆలస్యమైన రోజులు నేను ఉదాహరణకి వేసినవి, మీ ఖాతా చూసి మార్చుకోండి.

> తేదీ: ______
>
> శ్రీ ______ గారికి,
> ______ టెక్స్‌టైల్స్, వస్త్రలత, విజయవాడ.
>
> విషయం: మా ఖాతాకి చెల్లింపు గడువు 30 నుంచి 45 రోజులకి పెంచడం గురించి
>
> నమస్కారమండీ.
>
> 6 ఏళ్ళుగా మీ దగ్గర సరుకు తీసుకుంటున్నాం. గత 12 నెలల్లో 24 బిల్లుల మీద సుమారు 36 లక్షల సరుకు తీసుకున్నాం. వాటిలో 22 బిల్లులు గడువులోపే కట్టాం. రెండు బిల్లులు, ఒకటి 9 రోజులు, ఒకటి 12 రోజులు ఆలస్యమయ్యాయి. ఆ రెండు నెలల్లో ఉద్దర వసూలు వెనకబడింది. ఆ తర్వాత ఉద్దరకి పరిమితి పెట్టుకున్నాం, మళ్ళీ ఆలస్యం కాలేదు. ఈ రోజుకి గడువు దాటిన బాకీ ఏదీ లేదు.
>
> మీ సరుకు మా షాపులో సగటున 40 రోజుల్లోపు అమ్ముడవుతోంది. ఉద్దర వసూలు కూడా కలుపుకుంటే డబ్బు చేతికి రావడానికి 48 రోజులు పడుతోంది. అందువల్ల శ్రావణం సరుకు నుంచి మా గడువు 45 రోజులు చేయమని కోరుతున్నాను.
>
> మా వైపు నుంచి ఇవి పాటిస్తాం. పిల్లల బట్టలు కూడా ఇకనుంచి మీ దగ్గరే తీసుకుంటాం, దాంతో నెల కొనుగోలు సుమారు 3,50,000 అవుతుంది. మొత్తం బాకీ ఏ రోజూ 5,25,000 దాటనివ్వం. దాటితే తగ్గించేదాకా కొత్త సరుకు అడగం. ప్రతి చెల్లింపూ బిల్లు నంబరుతో బ్యాంకు ద్వారా పంపుతాం. 45 రోజులు దాటిన బిల్లు మీద, దాటిన రోజులకి నూటికి నెలకి రూపాయిన్నర చొప్పున వడ్డీ కలిపి కడతాం.
>
> ముందు 6 నెలలు ఇలా నడిపి, ఆ తర్వాత మా ఖాతా చూసి కొనసాగించాలో లేదో మీరే నిర్ణయించండి. దసరా సరుకుకి ఇంతకన్నా ఎక్కువ అవసరమైతే ముందుగానే విడిగా మాట్లాడతాను.
>
> వచ్చే వారం విజయవాడ వస్తున్నాను. మీకు వీలైన రోజు చెబితే వచ్చి కలుస్తాను.
>
> ఇట్లు,
> ______
> (షాపు పేరు, జీఎస్టీ నంబరు, ఫోను)

ఆలస్యమైన రెండు బిల్లుల సంగతి ఎందుకు రాయించానని మీకు అనిపించొచ్చు. అవి ఆయన ఖాతాలో ఉన్నాయి. మీరు రాయకపోతే గుమస్తా చెబుతాడు, అప్పుడు మీరు దాచినట్టు అవుతుంది. మీరే రాస్తే, ఎన్ని రోజులో, ఎందుకో, ఆ తర్వాత ఏం చేశారో మూడు చిన్న వాక్యాల్లో అయిపోతుంది. ఆ భాగంలో క్షమాపణలు పెంచకండి. ఉద్దరకి పరిమితి నిజంగా పెట్టుకోకపోతే ఆ వాక్యం రాయకుండా, ముందు పరిమితి పెట్టుకోండి. మీ వైపు రైతుల దగ్గర పొగాకు వేలం డబ్బు పడే నెలలు, పడని నెలలు ఉంటాయి కాబట్టి ఒక్కో ఇంటికి ఎంతవరకు ఇవ్వాలో పుస్తకంలో రాసిపెట్టుకోవడం అవసరమే.

బాకీ పరిమితి వాక్యం కొత్తవాళ్ళకి బలహీనంగా కనిపిస్తుంది, మనల్ని మనమే కట్టేసుకుంటున్నట్టు. కానీ ఉత్తరం మొత్తంలో పని చేసేది అదే. హోల్‌సేలర్‌కి 45 రోజులంటే భయం లేదు, బాకీ ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడమే భయం. గడువు పెరిగిన పార్టీ మొదట చేసే పని ఎక్కువ సరుకు ఎత్తడం అని ఆయనకి అనుభవం. పై అంకె మీరే చెప్పేస్తే, ఆయన పోగొట్టుకోగలిగింది ఎంతో ఆయనకి తెలుస్తుంది. 6 నెలల మాట కూడా అందుకే. శాశ్వతంగా ఇవ్వమంటే ఆలోచిస్తారు, చూసి నిర్ణయించండి అంటే ఒప్పుకోవడం తేలిక.

మీ పాత ఉత్తరంలోంచి నేను తీసేసినవి వ్యాపారం బాగోలేదన్న మాట, ఆన్‌లైన్ వాళ్ళ మాట, వేరే దారి లేదన్న మాట. ఇంకో రెండు మాటలు కొందరు కొత్తగా చేర్చాలనుకుంటారు, అవీ వద్దు. "ఫలానా షాపు వాళ్ళు 60 రోజులు ఇస్తున్నారు" అని రాయకండి. అలా ఇస్తుంటే వాళ్ళ దగ్గరే కొనుక్కో అంటారు. పైగా ఆ బజారులో ఏజెంట్ల ద్వారా ఒక్క పూటలో నిజం కనుక్కుంటారు. అలాగే ఇదే ఉత్తరం పేర్లు మార్చి మిగతా హోల్‌సేలర్లకి ఒకేసారి పంపకండి. ఏజెంట్లు అందరి దగ్గరా కూర్చుంటారు. "ఆ పార్టీ అందరినీ టైము అడుగుతున్నాడట" అన్న మాట పుడితే ఉన్న గడువులూ పోతాయి.

ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చూసుకోండి. ఒక బిల్లు పూర్తిగా కట్టిన రెండు మూడు రోజుల్లోపు, ఆషాఢం చివర్లో ఇవ్వండి. శ్రావణం పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతం సరుకు మీరు ఎత్తుతారని ఆయనకి తెలుసు కాబట్టి మీ కొనుగోలుకి అప్పుడు విలువ ఎక్కువ. సరుకు కట్టించుకుంటూ కౌంటరు దగ్గర మాత్రం అడగకండి, పక్కన ఇంకో పార్టీ ఉంటే ఆయన ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. వాట్సాప్‌లో ఉత్తరం ఫొటో ముందు పంపి, తర్వాత మనిషి వెళ్ళి కాగితం ఇవ్వడం మంచిది. ఆయనకి లెక్క వేసుకునే టైము దొరుకుతుంది.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. సరే అంటే సరే. "45 కుదరదు" అంటే మీ చేతిలో ఒక మాట ఉంచుకోండి: ప్రతి బిల్లులో సగం 30వ రోజున, సగం 60వ రోజున కడతానని చెప్పండి. సగటు అదే 45, కానీ ఆయనకి నెల తిరిగేసరికి సగం డబ్బు కళ్ళబడుతుంది. 45 ఒప్పుకోనివాళ్ళు చాలామంది దీనికి ఒప్పుకుంటారు. మీకు మాత్రం తేదీలు రెట్టింపవుతాయి, క్యాలెండర్ మీద రాసుకోవాలి.

మూడోది చెక్కులు అడగడం. బిల్లు నంబరు, మొత్తం, గడువు తేదీ రాసిన చెక్కు ఇవ్వడంలో తప్పు లేదు, అయితే ఆ రోజుకి ఖాతాలో డబ్బు ఉండి తీరాలి. చెక్కు తిరిగొస్తే నోటీసు వస్తుంది, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే సెక్షన్ 138 కింద కేసు దాకా వెళ్ళొచ్చు. సంతకం చేసిన ఖాళీ చెక్కు మాత్రం ఎంత దగ్గరివాళ్ళయినా ఇవ్వకండి. "ఖాళీ చెక్కు వద్దండీ, ఏ బిల్లుకి ఆ బిల్లు చెక్కు ఇస్తాను" అని చెబితే ఎవరూ తప్పుపట్టరు.

ఆయన గడువు బదులు "వెంటనే కడితే 2 శాతం తగ్గిస్తాను" అంటే తొందరపడి కాదనకండి. 30 రోజులు ముందు కట్టినందుకు 2 శాతం అంటే ఏడాదికి 24 శాతం కింద లెక్క. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ పరిమితి గానీ, ముద్ర కింద 50 వేల నుంచి 5 లక్షల దాకా ఇచ్చే కిశోర్ అప్పు గానీ మీకు అంతకన్నా తక్కువ వడ్డీకి దొరికితే, ఆ డబ్బుతో రొక్కం కట్టి తగ్గింపు తీసుకోవడమే మీకు లాభం. అప్పుడు గడువు అడిగే పనే ఉండదు. మీ బ్యాంకులో రేటు కనుక్కుని, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని వెళ్ళండి.

ఒప్పుకున్న రోజు సాయంత్రమే రెండు లైన్ల మెసేజ్ పెట్టండి: "ఈ రోజు అనుకున్నట్టు ఫలానా తేదీ బిల్లు నుంచి గడువు 45 రోజులు, బాకీ పరిమితి 5,25,000. ధన్యవాదాలండీ." గుమస్తాకి కూడా అదే పంపి, కంప్యూటర్లో మీ ఖాతాకి 30 తీసి 45 పెట్టమని అడగండి. సేటు గారు నోటితో ఒప్పుకున్నా అక్కడ మార్చకపోతే 31వ రోజు నుంచి కలెక్షన్ కుర్రాడు ఫోన్ చేస్తూనే ఉంటాడు.

ఖాతా కాపీ వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, ఉత్తరంలో రెండో పేరా వాటికి తగ్గట్టు సరిచేసి ఇస్తాను.